రిపోర్ట్‌లో బోల్డ్ అంకెలు: మత్తు ఫిట్‌నెస్‌కి ఏది అడ్డు, ఏది కాదు

ప్రశ్న: మా ఆవిడకి 34 ఏళ్లు. షుగర్, బీపీ ఏమీ లేవు. స్కూటీ మీద నుంచి పడి మోకాలి లిగమెంట్ తెగింది. వచ్చే గురువారం ఏసీఎల్ ఆపరేషన్, నడుములో మత్తు ఇస్తామన్నారు. కూకట్‌పల్లిలో మా ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు. రిపోర్ట్‌లో ఐదు బోల్డ్‌లో వచ్చాయి: పొటాషియం 5.8, ప్లేట్‌లెట్లు 1.12 లక్షలు, ఏపీటీటీ 39 సెకన్లు (36 లోపు ఉండాలట), హిమోగ్లోబిన్ 10.6, బిలిరుబిన్ 1.6. మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ ఇస్తారా? వాయిదా పడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

గురువారం ఆపరేషన్ జరగడానికే ఎక్కువ అవకాశం ఉందండీ. అయితే ఈలోపు మూడు పరీక్షలు మళ్లీ సరిగ్గా చేయించాలి, మీ ఆవిడని కొన్ని ప్రశ్నలు అడగాలి. నేను హైదరాబాద్‌లో మత్తు డాక్టర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి పీడీఎఫ్‌లు రోజూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు. బోల్డ్‌లో ఉన్న ఐదింటినీ ఒకే కళ్లతో చూడకూడదని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ బోల్డ్ ఎలా వస్తుందో చూద్దాం. ల్యాబ్ వాళ్లు నార్మల్ రేంజ్ అని వేసేది ఆరోగ్యంగా ఉన్న చాలామందికి పరీక్ష చేసి, అందులో మధ్యలో ఉన్న 95 శాతం మంది విలువలు. అంటే ఏ జబ్బూ లేని ప్రతి 100 మందిలో ఐదుగురు ఎలాగూ ఆ గీత బయటే పడతారు. ఇది ఒక్క పరీక్ష సంగతి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, అన్నీ గీత లోపలే రావడానికి అవకాశం సుమారు 36 శాతం మాత్రమే. నిజానికి ఈ పరీక్షల్లో కొన్నింటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కాబట్టి లెక్క కొంచెం మారుతుంది. అయినా పెద్ద ప్యాకేజీ చేయించుకున్న ఆరోగ్యవంతుల రిపోర్ట్‌లో ఒకటో రెండో బోల్డ్‌లో రావడమే మామూలు. అందుకే మోకాలి కీహోల్ ఆపరేషన్ లాంటి మధ్యస్థాయి ఆపరేషన్‌కి, వేరే జబ్బులేవీ లేని మనిషికి ఈ రక్త పరీక్షలు రొటీన్‌గా అక్కర్లేదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర ప్యాకేజీలో భాగంగా అన్నీ చేసేస్తారు. చేశాక వచ్చిన అంకెకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

మత్తు డాక్టర్‌గా నేను ప్రతి బోల్డ్ అంకె దగ్గరా మూడు విషయాలు చూస్తాను. ఈ అంకె నిజమేనా? నిజమైతే నేను ఇవ్వబోయే మత్తునో, జరగబోయే ఆపరేషన్‌నో ఇది ఏమైనా మారుస్తుందా? మారుస్తుందనుకుంటే, కొన్నాళ్లు ఆగితే బాగుచేయగలిగేదేనా? మీ ఆవిడ రిపోర్ట్‌ని ఇదే వరసలో చూద్దాం.

పొటాషియం 5.8 చూసి మీరు ఎక్కువ భయపడి ఉంటారు. నెట్‌లో వెతికితే గుండె ఆగిపోతుందని వస్తుంది. నిజంగా రక్తంలో పొటాషియం అంత ఉంటే నేను కూడా ఆపరేషన్ ఆపేస్తాను. కానీ మందులేవీ వాడని, కిడ్నీలు బాగా పనిచేస్తున్న 34 ఏళ్ల మనిషిలో 5.8 కనిపిస్తే నా మొదటి అనుమానం శాంపిల్ మీదకే పోతుంది. ఎర్రకణం లోపల పొటాషియం బయటి ప్లాస్మాలో కంటే పాతిక రెట్లు ఎక్కువ ఉంటుంది. తీసేటప్పుడో, మోసుకెళ్లేటప్పుడో కొన్ని కణాలు పగిలినా చాలు, అంకె అమాంతం పెరిగిపోతుంది.

ఇంటి దగ్గర రక్తం తీసినప్పుడు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. నరం దొరకలేదని రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి ఉంచారా? పిడికిలి గట్టిగా మూసి తెరవమన్నారా? ఆ రెండూ చేస్తే పొటాషియం ఒక పాయింట్ దాకా పెరిగిన సందర్భాలున్నాయి. సన్న సూదితో సిరంజిలోకి లాగి, అదే సూదితో ట్యూబ్ మూతలోకి గట్టిగా నెట్టారా? అలా చేస్తే కణాలు పగులుతాయి. ఉదయం ఆరింటికి మీ ఇంట్లో తీసిన శాంపిల్ నలుగురైదుగురి ఇళ్లు తిరిగి మధ్యాహ్నానికి ల్యాబ్ చేరినా ఇంతే. ఐస్ పెట్టెలో పెట్టాం కదా అంటారు. చల్లదనంలో ఎర్రకణాలు పొటాషియాన్ని లోపల పట్టి ఉంచలేవు, కాబట్టి సీరమ్ వేరుచేయకుండా ఐస్‌లో పెడితే అంకె ఇంకా పెరుగుతుంది.

ఇంకో పొరపాటు ఉంది. ఊదా మూత ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి వేసే ఈడీటీఏ అనే పదార్థం పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది. పసుపు మూత ట్యూబ్‌లో రక్తం చాల్లేదని ఊదా ట్యూబ్‌లోంచి కాస్త పోస్తే పొటాషియం పెరిగిపోతుంది. దాంతోపాటు కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కారణం లేకుండా తగ్గిపోతాయి. మీ రిపోర్ట్‌లో కాల్షియం కూడా తక్కువ వచ్చిందేమో చూడండి. అది మామూలుగా ఉండి, లివర్ పరీక్షల్లో ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ కాస్త ఎక్కువగా ఉంటే కణాలు పగిలిన శాంపిల్ అనుకోవచ్చు. ఎర్రకణాల్లో ఎస్‌జీఓటీ కూడా ఉంటుంది మరి. రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లో ‘హీమోలైజ్డ్ శాంపిల్’ అని కూడా రాసి ఉండొచ్చు. ఆ లైను చాలామంది చదవరు.

అయినా నిజమైన కారణాలు లేవని తేల్చుకోవాలి. క్రియాటినిన్ ఎంతుందో చూడండి. బీపీ లేదన్నారు కాబట్టి టెల్మిసార్టన్ లాంటివి వాడుతూ ఉండరు. కానీ మొటిమలకో, ముఖం మీద అవాంఛిత రోమాలకో చర్మ డాక్టర్ స్పైరనోలాక్టోన్ రాసి ఉండొచ్చు. అడిగితే తప్ప అది మందుల జాబితాలోకి రాదు. లో సోడియం ఉప్పు వాడుతున్నారేమో కూడా చూసుకోండి, అందులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. ఇవేవీ లేకపోతే హాస్పిటల్ ల్యాబ్‌కే వెళ్లి, పిడికిలి బిగించకుండా మళ్లీ శాంపిల్ ఇస్తే సరిపోతుంది. 5 లోపు వస్తే దాన్ని మర్చిపోవచ్చు. మళ్లీ 5.8 వస్తే మాత్రం ఈసీజీ తీయించి, కారణం తేలేదాకా ఆగాలి. ఈసీజీ మామూలుగా ఉంది కదా అని ముందుకెళ్లడం సరికాదు, చాలామందిలో ఆ స్థాయిలో ఈసీజీలో ఏమీ కనిపించదు. నడుములో ఇచ్చే స్పైనల్ మత్తు సరిగ్గా పట్టక పూర్తి మత్తులోకి మారాల్సి వచ్చి, గొంతులో ట్యూబ్ వేయడానికి సక్సామిథోనియం అనే మందు ఇస్తే, ఆరోగ్యవంతుల్లో కూడా అది పొటాషియాన్ని మరో అర పాయింట్ పెంచుతుంది. అందుకే మాకు ఆ జాగ్రత్త.

ఇక ప్లేట్‌లెట్లు. హైదరాబాద్‌లో వానాకాలం వెళ్లిందంటే ప్లేట్‌లెట్ అనే మాటకే జనం భయపడతారు. డెంగీ వార్డుల్లో ఆ అంకె కోసం కుటుంబాలు ఎలా ఎదురుచూస్తాయో నాకు తెలుసు. అందుకే 1.12 లక్షలంటే మీకు గుండె గుభేల్‌మని ఉంటుంది. ముందు ఒకటి తేల్చుకోండి. గత రెండు మూడు వారాల్లో ఆవిడకి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయా? వచ్చి ఉంటే ఈ అంకె ఇంకా కిందికి దిగుతోందేమో తెలియదు కాబట్టి, అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌ని వాయిదా వేయడమే మంచిది. జ్వరం లేకపోతే కథ వేరు.

కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఆ ఊదా మూత ట్యూబ్‌లోని ఈడీటీఏ తగిలితే గుంపులు కడతాయి. ఒంట్లో అవి విడివిడిగా హాయిగానే ఉంటాయి, గుంపు కట్టేది ట్యూబ్‌లోనే. మెషీన్ పది ప్లేట్‌లెట్ల గుంపుని ఒక పెద్ద కణంగా లెక్కేస్తుంది, లేదా తెల్లకణం అనుకుంటుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. అదే రక్తాన్ని గాజు పలక మీద పరిచి పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో చూస్తే పలక చివర గుంపులు కనిపిస్తాయి. లేదా లేత నీలం మూత ఉన్న సిట్రేట్ ట్యూబ్‌లో తీసి మళ్లీ లెక్కిస్తారు. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం కాస్త పలచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెని 1.1తో గుణిస్తారు. సిట్రేట్‌లో 1.8 లక్షలు వచ్చిందనుకోండి, అసలు సంఖ్య దాదాపు 2 లక్షలన్నమాట.

గుంపులు లేకుండా నిజంగానే 1.12 లక్షలు ఉన్నా నేను స్పైనల్ ఇస్తాను. నడుములో సూది గుచ్చినప్పుడు వెన్నుపాము చుట్టూ ఉన్న జాగాలో రక్తం చేరి గడ్డకడితే అది నరాలని నొక్కేస్తుంది, కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. మేము భయపడేది దానికి. కానీ ఇతర రక్తస్రావ లక్షణాలు లేని మనిషికి ప్లేట్‌లెట్లు 70, 80 వేలు దాటి, అంకె నిలకడగా ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువని ఇప్పుడు ఎక్కువమంది మత్తు డాక్టర్లు అంగీకరిస్తారు. లక్ష దాటితేనే అనే పాత లెక్క ప్రకారం చూసినా ఆవిడ పైనే ఉన్నారు. పైగా మన దేశ తూర్పు ప్రాంతాల వాళ్లలో ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే పెద్దవిగా, తక్కువగా ఉండే కుటుంబాలున్నాయి. వాళ్లకి రక్తస్రావం సమస్య ఏమీ ఉండదు. పాత రిపోర్ట్‌లు ఉంటే వెతకండి. కాన్పు సమయంలో చేసిన సీబీపీలో కూడా ఇలాగే 1.2 లక్షలు ఉంటే, ఈ అంకె గురించి ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు ఆగేది ఏపీటీటీ దగ్గర. మూడు సెకన్లే కదా అని అందరూ దాటేసేది కూడా అదే.

ఏపీటీటీ అంటే ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. లేత నీలం ట్యూబ్‌లో 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉంటుంది, దానికి సరిగ్గా 2.7 మిల్లీలీటర్ల రక్తం పట్టాలి. గీత దాకా నింపకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై, రక్తం గడ్డకట్టడానికి ఆలస్యమవుతుంది, సమయం పెరుగుతుంది. ఇంటి శాంపిళ్లలో ట్యూబ్ సగమే నిండి ఉండటం చాలా మామూలు. కాబట్టి మళ్లీ తీసేటప్పుడు ఈ ట్యూబ్‌ని గీత దాకా నింపమని అడగండి, రెండు మూడు గంటల్లో పరీక్ష అయ్యేలా చూడండి.

మళ్లీ చేసినా 39 వస్తే అప్పుడు ఆ అంకె కంటే ఆవిడ చెప్పే జవాబులకే విలువ ఎక్కువ. ఎందుకో చెప్పడానికి ఒక అమ్మాయి సంగతి రాస్తాను. ముక్కు దూలం సరిచేసే ఆపరేషన్‌కి వచ్చింది, 24 ఏళ్లు. ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు, ఐఎన్ఆర్ 1.0, ఏపీటీటీ 40. ‘మూడు నాలుగు సెకన్లే కదా మేడం, ఇచ్చేద్దాం’ అన్నారు సర్జన్. నేను అమ్మాయి పక్కన కూర్చుని, పన్ను ఎప్పుడైనా పీకించుకున్నావా అని అడిగాను. జ్ఞానదంతం తీయించుకున్నానని, రెండు రోజులు రక్తం ఆగక మళ్లీ వెళ్లి కుట్లు వేయించుకున్నానని చెప్పింది. నెలసరి ఎనిమిది రోజులట, మొదటి మూడు రోజులు రాత్రిపూట లేచి ప్యాడ్ మార్చుకోవాలట. మా ఇంట్లో అందరికీ అంతే అంది. పక్కనే ఉన్న వాళ్లమ్మ, తనకి ఆ రక్తస్రావం వల్లే నలభై దాటీ దాటకముందే గర్భసంచి తీసేశారని చెప్పింది.

ఆ జవాబులు విన్నాక ఆ మూడు నాలుగు సెకన్లని వదిలేయడానికి లేదు. ముందు మిక్సింగ్ పరీక్ష చేయించాం. ఆ అమ్మాయి ప్లాస్మాలో ఆరోగ్యవంతుల ప్లాస్మా సమానంగా కలిపి ఏపీటీటీ చూస్తారు. సమయం మామూలైపోతే ఏదో ఒక పదార్థం తక్కువగా ఉందని అర్థం. మామూలు కాకపోతే గడ్డకట్టడాన్ని అడ్డుకునేది ఏదో ఉందని అర్థం. ఈ అమ్మాయికి సమయం మామూలైంది. తర్వాత వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ చూస్తే 28 శాతం ఉంది, మామూలుగా 50 పైన ఉండాలి. ప్లేట్‌లెట్లు గాయానికి అతుక్కోవడానికి ఆ ఫ్యాక్టర్ కావాలి. అది తగ్గితే దానితో పాటు ఉండే ఎనిమిదో ఫ్యాక్టర్ కూడా తగ్గుతుంది, ఏపీటీటీ కొంచెం పెరిగేది అందుకే. హెమటాలజిస్ట్ డెస్మోప్రెసిన్ ఇచ్చి చూస్తే ఫ్యాక్టర్ బాగా పెరిగింది. ఆపరేషన్ రోజు మత్తుకి ముందు అదే మందు, దాంతోపాటు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చాం. డెస్మోప్రెసిన్ నీటిని ఒంట్లోనే ఆపేస్తుంది కాబట్టి సెలైన్ తగ్గించి ఇచ్చాం. ముక్కు ఆపరేషన్‌కి ఎంత రక్తం పోవాలో అంతే పోయింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా కూడా చూశాను. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన ఒక పెద్దమనిషికి ఏపీటీటీ 70 సెకన్లు. ఆయన వడ్రంగి, చేతుల నిండా పాత గాయాల మచ్చలే, ఎప్పుడూ రక్తం ఎక్కువ పోలేదు. రెండు పళ్లు పీకించుకున్నా సాయంత్రానికి ఆగిపోయింది. పరీక్షలు చేస్తే పన్నెండో ఫ్యాక్టర్ తక్కువని తేలింది. ట్యూబ్‌లో గడ్డకట్టడానికి ఆ ఫ్యాక్టర్ కావాలి, ఒంట్లో రక్తం ఆగడానికి దాని అవసరం లేదు. ఆయనకి ఏ ప్రత్యేక మందూ లేకుండా ఆపరేషన్ అయిపోయింది. 40 ఉన్న అమ్మాయికి ప్రమాదం, 70 ఉన్న ఆయనకి లేదు. అంకె ఎంత పెద్దదన్న దాన్నిబట్టి ప్రమాదం తెలియదు.

కాబట్టి మీ ఆవిడని అడగండి. పన్ను పీకినప్పుడు గానీ, కాన్పప్పుడు గానీ, చిన్నప్పటి దెబ్బలకి గానీ రక్తం ఆగకుండా ఇబ్బంది పడ్డారా? నెలసరిలో పెద్ద గడ్డలు పడతాయా, గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుందా? ముక్కు నుంచి పది నిమిషాలు దాటి రక్తం కారిన సందర్భాలున్నాయా? తోడబుట్టిన వాళ్లకో, తల్లిదండ్రులకో ఇలాంటిది ఉందా? అన్నిటికీ లేదనే జవాబు వస్తే, ముఖ్యంగా ఇంతకుముందు ఒక ఆపరేషనో కాన్పో మామూలుగా జరిగి ఉంటే, 39 సెకన్లతో నేను స్పైనల్ ఇస్తాను. అవుననే జవాబు ఒక్కటి గట్టిగా వచ్చినా నడుములో సూది గుచ్చే ముందు హెమటాలజిస్ట్‌ని అడుగుతాను. ఇది ఏపీటీటీ మామూలుగా వచ్చిన వాళ్లకి కూడా వర్తిస్తుంది. వాన్ విల్లిబ్రాండ్ లోపం తేలికపాటిదైతే చాలాసార్లు ఏపీటీటీ నార్మల్‌గానే ఉంటుంది.

హిమోగ్లోబిన్ 10.6 గురించి ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు. ఆడవాళ్లకి మామూలేగా అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమందికి ఉంది కాబట్టి మామూలు అనేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీ రిపోర్ట్‌లోని ఐదింటిలో నిజమైన లోపం ఇదే అయ్యుంటుందని నా అంచనా. అయినా గురువారం ఆపరేషన్‌కి మాత్రం ఇది అడ్డు కాదు.

ఎందుకంటే ఏసీఎల్ ఆపరేషన్‌లో సాధారణంగా తొడకి గాలి పట్టీ బిగిస్తారు, రక్తం పెద్దగా పోదు. 10.6తో ఆవిడ ఒంటికి ఆక్సిజన్ బాగానే అందుతుంది. అదే గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు తీసే ఆపరేషనో, తుంటి కీలు మార్పిడో అయితే ఇదే 10.6కి నేను ఆపేసేదాన్ని. అర లీటరు కంటే ఎక్కువ రక్తం పోవచ్చు అనుకునే ఆపరేషన్లకి ముందు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా హిమోగ్లోబిన్ 13 దాకా తెచ్చుకోవాలని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సూచించింది. ఆగడానికి వీలున్నప్పుడు ఐరన్‌తో సరిచేసుకోగలిగిన దాన్ని వదిలేసి, తర్వాత వేరేవాళ్ల రక్తం ఎక్కించడం సరైన పని కాదు.

కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు, అదే సీబీపీ కాగితంలో చూడండి. ఎంసీవీ 80 కంటే తక్కువ ఉంటే ఎర్రకణాలు చిన్నవి. అప్పుడు పక్కన ఎర్రకణాల సంఖ్య చూడండి. ఎంసీవీ 74, ఎర్రకణాలు 4.1 మిలియన్లు అనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 18 వస్తుంది. 13 దాటింది కాబట్టి ఐరన్ లోపం వైపు మొగ్గు. ఎంసీవీ 64, ఎర్రకణాలు 5.7 మిలియన్లు అయితే 11 వస్తుంది. అది తలసీమియా లక్షణం పుట్టుకతో ఉన్నవాళ్లలో కనిపించే తీరు. వాళ్లకి ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. ఇది అంచనా మాత్రమే. ఖాయం చేయడానికి ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్, అవసరమైతే హిమోగ్లోబిన్ రకాలు చూపే హెచ్‌పీఎల్‌సీ చేస్తారు. ఫెరిటిన్ 30 కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపమే. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకున్నా బాగా ఒంటికి పడుతుంది, కడుపు ఇబ్బంది తక్కువ. టీ, కాఫీలకి గంట దూరంగా వేసుకోవాలి. ఆపరేషన్ అయ్యాక మొదలుపెట్టినా పర్వాలేదు, కానీ మొదలుపెట్టండి. మోకాలికి ఫిజియోథెరపీ నెలల తరబడి చేయాలి, రక్తం తక్కువైతే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఐరన్ తగ్గడానికి నెలసరే కారణమైతే, పైన ఏపీటీటీ దగ్గర రాసిన ప్రశ్నలు మళ్లీ చదవండి. ఆ రెండు అంకెలకీ ఒకే కారణం ఉండొచ్చు.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. మీ ఆవిడ పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లోదైతే, లేదా వాళ్లింట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉందని విని ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. తొడకి పట్టీ బిగించి రక్తం ఆపేయడం సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం కావచ్చు. మామూలు సీబీపీ అంకెలు చూసి దాన్ని పట్టుకోలేం.

బిలిరుబిన్ 1.6కి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డైరెక్ట్ బిలిరుబిన్ 0.3 లోపు ఉండి, ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగా ఉంటే అది గిల్బర్ట్ అనే పుట్టుక లక్షణం అయ్యుంటుంది. గిల్బర్ట్ ఉన్నవాళ్లకి ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా ఇది పెరుగుతుంది. ఆపరేషన్ రోజు ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కళ్లు కాస్త పసుపుగా కనిపిస్తే కంగారుపడకండి. మత్తుకి ఇది అడ్డు కాదు.

ఈ ప్యాకేజీలో అసలు లేని ఒక పరీక్ష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన తెలుగువాళ్లలో కొందరికి ప్రత్యేకంగా అవసరం. పైన చెప్పిన సక్సామిథోనియం మందుని ఒంట్లో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. మామూలుగా ఆ మందు పనిచేసేది ఐదు పది నిమిషాలు. ఆ ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకి కండరాలు గంటల తరబడి కదలవు, అప్పటిదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతా ప్రపంచంతో పోలిస్తే చాలా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఆ కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసేది మొదటిసారి పూర్తి మత్తు ఇచ్చిన రోజే. స్పైనల్‌తో ఆ మందు అవసరం రాదు. కానీ స్పైనల్ పట్టకపోతే పూర్తి మత్తుకి వెళ్లాల్సి రావచ్చు, అప్పుడు మేము వేరే మందు ఎంచుకోగలం. మీది వైశ్య కుటుంబమైతే, లేదా బంధువుల్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత చాలాసేపు స్పృహలోకి రాలేదనో వెంటిలేటర్ మీద ఉంచారనో విని ఉంటే, ముందే చెప్పండి.

ఇప్పుడు చేయాల్సిన పని. సోమవారం ఉదయం ఆపరేషన్ జరిగే హాస్పిటల్ ల్యాబ్‌కే వెళ్లి ఒకేసారి రక్తం ఇవ్వండి. ముందు లేత నీలం ట్యూబ్ గీత దాకా నింపాలి, తర్వాత పసుపు, చివర ఊదా. పొటాషియం, ఏపీటీటీ, సీబీపీతో పాటు ప్లేట్‌లెట్ల కోసం రక్తాన్ని పలక మీద పరిచి స్మియర్ చూడమని, ఫెరిటిన్ కూడా చేయమని రాయించుకోండి. అదే రోజు మత్తు డాక్టర్‌ని కలవండి, బుధవారం రాత్రి దాకా ఆగొద్దు. పాత సీబీపీలు, కాన్పు డిశ్చార్జ్ కాగితాలు తీసుకెళ్లండి. ఆవిడ వేసుకుంటున్న ప్రతి మాత్ర పేరూ ఒక కాగితం మీద రాయండి. పడ్డప్పటి నుంచి వాడుతున్న నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ ఏమైనా వేసుకుని ఉంటే అది, ఆయుర్వేదం పొడులు, చర్మ డాక్టర్ ఇచ్చినవి అన్నీ అందులో ఉండాలి. సోమవారం రిపోర్ట్‌లు వచ్చాక వాటిని పాతవాటితో కలిపి ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ఆవిడని దగ్గరుండి చూసిన డాక్టర్ నాకంటే భిన్నంగా చెబితే మాత్రం ఆయన మాటే వినండి.